పీఎఫ్ నామినీ వాటాలు: మిగిలిన పది శాతం ఎవరికి పోతుంది?

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పన్నెండేళ్ళుగా చేస్తున్న మా బావ, సంక్రాంతికి ఇంటికొచ్చిన రోజు భోజనాలయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టాడు. పీఎఫ్‌లో నామినీలు పెట్టుకోమని ఆఫీసులో చెప్పారట. అన్నీ నింపాడు. మా అక్కకి 50, తన తల్లికి 20, పాపకి 20 అని కొట్టాడు. ఎన్నిసార్లు నొక్కినా ముందుకెళ్ళట్లేదు.

"మొత్తం తొంభయ్యే అయింది బావా, వంద రావాలి" అన్నాను.

"ఆ పదీ మా తమ్ముడిది లేరా. వాడి పేరు పెట్టనివ్వట్లేదు, అందుకని ఖాళీగా వదిలేశాను. మీ అక్కకి నోటితో చెప్తాను, ఇచ్చేస్తుంది" అన్నాడు.

ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. తమ్ముడి పేరు ఎందుకు పట్టదన్నది ఒకటి, ఖాళీగా వదిలిన పది శాతం ఏమవుతుందన్నది రెండోది. ఈ రెండూ తెలిస్తే మిగతా పని ఇంట్లో కూర్చుని అరగంటలో అయిపోతుంది. అందుకే ముందు వాటి సంగతి చెప్పి, తర్వాత స్క్రీన్ మీద ఏం నొక్కాలో చెప్తాను.

ఎవరిని పెట్టవచ్చు

పీఎఫ్ నడిచేది 1952 నాటి స్కీమ్ మీద. అందులో 61వ పేరా నామినేషన్ గురించే. కుటుంబం ఉన్నవాళ్ళు కుటుంబంలోని వాళ్ళనే నామినీగా పెట్టాలి, బయటివాళ్ళని పెడితే చెల్లదు అని అందులో ఉంది. మరి కుటుంబమంటే ఎవరు? మగవాళ్ళయితే భార్య, పిల్లలు, తన మీద ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్యా పిల్లలు. ఆడవాళ్ళయితే భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు, ఆధారపడిన అత్తమామలు, అలాగే చనిపోయిన కొడుకు భార్యా పిల్లలు. పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయా లేదా అన్నది ఇక్కడ అడ్డు కాదు, పెళ్ళయిన కూతుర్ని కూడా నామినీగా పెట్టుకోవచ్చు.

ఆ జాబితాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేరు. ఒకే ఇంట్లో ఉంటున్నా, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నా లేరు. బావ తమ్ముడి పేరు పట్టకపోవడానికి కారణం ఇంతే. పెళ్ళి కాక, తల్లిదండ్రులు కూడా లేక, కుటుంబం అనదగ్గవాళ్ళు ఎవరూ లేని వాళ్ళు మాత్రం తమ్ముడినైనా, స్నేహితుడినైనా పెట్టుకోవచ్చు. రేపు పెళ్ళి కాగానే ఆ నామినేషన్ దానంతటదే రద్దయిపోతుంది.

ఈ పెళ్ళి సంగతి మా ప్రాంతంలో చాలామందికి తెలియదు. బావ ఉద్యోగంలో చేరినప్పుడు పెళ్ళి కాలేదు. కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం మీద, అంటే ఫారం 2 మీద, వాళ్ళమ్మ పేరు రాసి వంద శాతం వేసి సంతకం పెట్టాడు. పెళ్ళికి ముందు రాసిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది, అది తల్లి పేరు మీదున్నా సరే. కొత్తది మళ్ళీ రాయాలి. పదేళ్ళ క్రితం పెళ్ళయింది కాబట్టి, ఈ పదేళ్ళూ బావ పీఎఫ్‌కి చెల్లే నామినేషన్ లేనట్టే లెక్క. "అమ్మ పేరు ఉంది కదా" అని అతను నిశ్చింతగా ఉన్నాడు. మీదీ పెళ్ళికి ముందు రాసిన కాగితమే అయితే, మీరు చేసేది మార్పు కాదు, మొదటి నామినేషనే అనుకుని మొదలుపెట్టండి.

వంద ఎందుకు కావాలి

నామినీలకి ఎంతెంత ఇవ్వాలన్నది పూర్తిగా మీ ఇష్టం. భార్యకి 90, తల్లికి 10 అన్నా ఎవరూ అడగరు. కానీ మీరు పంచకుండా వదిలిన భాగం మీ ఇష్టప్రకారం పోదు. దాన్ని పంచడానికి చట్టానికి తన లెక్క ఉంది. అది 70వ పేరాలో ఉంది. నామినేషన్ అసలు లేకపోతే మొత్తం డబ్బు, కొంత భాగానికే ఉంటే మిగిలిన భాగం, కుటుంబ సభ్యులకి సమానంగా పంచుతారు. అందులోనూ కొందరిని పక్కన పెడతారు. మేజర్ అయిన కొడుకులకి ఆ భాగంలో వాటా ఉండదు. భర్త బతికి ఉన్న పెళ్ళయిన కూతుళ్ళకీ ఉండదు. కుటుంబంలో వేరే వాళ్ళెవరూ లేనప్పుడే వీళ్ళ వంతు వస్తుంది.

బావ లెక్క దీని మీద పెట్టి చూద్దాం. ఖాతాలో 6,00,000 ఉందనుకోండి. అతను వేసినట్టు 50, 20, 20 అయితే అక్కకి 3,00,000, వాళ్ళమ్మకి 1,20,000, పాపకి 1,20,000. మిగిలిన పది శాతం 60,000. అది తమ్ముడి కోసం ఆగదు. అక్కకి, వాళ్ళమ్మకి, పాపకి తలా 20,000 అవుతుంది. తమ్ముడికి సున్నా. పాప వాటా పాప పేరు మీదే ఉంటుంది కాబట్టి అందులోంచి తీసి ఇంకొకరికి ఇవ్వడం అక్క చేతిలో కూడా ఉండదు.

ఇంకో ఇంటి లెక్క చూడండి, ఇది నేను ఊహించిందే. మండపేట వైపు రైస్ మిల్లులో చేసే ఒకాయనకి భార్య, తన మీద ఆధారపడిన తల్లి, పాతికేళ్ళ కొడుకు, పెళ్ళయిన పెద్దమ్మాయి, పెళ్ళి కాని చిన్నమ్మాయి ఉన్నారు. ఎప్పుడో కాగితం మీద భార్యకి 50, తల్లికి 40 అని రాశాడు. మిగిలిన పదీ కొడుకుకే వెళ్తుందని అతని నమ్మకం, వారసుడు వాడే కదా అని. ఖాతాలో 6,00,000 ఉంటే భార్యకి 3,00,000, తల్లికి 2,40,000 నామినేషన్ ప్రకారం వెళ్తాయి. 60,000 మిగులుతుంది. కొడుకు మేజర్ కాబట్టి వాడికి ఆ భాగంలో వాటా లేదు. పెద్దమ్మాయికి భర్త ఉన్నాడు కాబట్టి ఆమెకీ లేదు. భార్య, తల్లి, చిన్నమ్మాయి తలా 20,000 తీసుకుంటారు. ఎవరికోసం వదిలాడో ఆ కొడుకుకే ఏమీ రాలేదు. ఆ పదినీ కొడుకు పేరు మీద రాసి ఉంటే మేజరైనా సరే వాడికి 60,000 వచ్చేది. నామినీగా పెట్టడానికి మేజర్ కొడుకు పనికొస్తాడు, వదిలేసిన భాగం పంచేటప్పుడే పనికిరాడు.

ముగ్గురికి సమానంగా అనుకుని 33, 33, 33 రాసే వాళ్ళు ఉంటారు. అది 99. ఆరు లక్షల్లో ఒక శాతమంటే ఆరు వేలే, పోతే పోయిందిలే అనిపించవచ్చు. కానీ ఆ ఆరు వేల కోసం కుటుంబంలో ఎవరెవరున్నారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరు మేజర్ అన్నది కాగితాలతో చూపించాల్సి వస్తుంది. ఒకరికి 34 వేసి, మిగతా ఇద్దరికీ 33 వేయండి. దశాంశాల జోలికి పోకుండా పూర్తి అంకెలు వాడితే తకరారు ఉండదు. ఆ ఒక్క శాతం ఎవరికన్నది ఇంట్లో మాట్లాడుకోండి. మా ఇంట్లో దాని మీద కాసేపు నవ్వులయ్యాయి.

శాతమే ఎందుకు, రూపాయలు ఎందుకు రాయకూడదు అని కూడా బావ అడిగాడు. ఖాతాలో సొమ్ము నెలనెలా పెరుగుతుంది. ఇవాళ "అమ్మకి లక్ష" అని రాస్తే పదేళ్ళ తర్వాత మిగిలిన సొమ్ము ఎవరిదో తేలదు. శాతం అయితే ఎంత పెరిగినా అలాగే పంచవచ్చు. పైగా ఈ వాటాలు ఖాతాలో సొమ్ముకి మాత్రమే కాదు. పీఎఫ్ ఉన్న ఉద్యోగి ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఈడీఎల్ఐ అనే బీమా వస్తుంది. ప్రీమియం మీ జీతంలో కోయరు, కంపెనీ కడుతుంది. అది గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. ఆ డబ్బు కూడా పీఎఫ్ నామినీలకే వెళ్తుంది. ఖాతాలో 6 లక్షలు, బీమా 7 లక్షలు అయితే మొత్తం 13 లక్షలు. బావ ఖాళీగా వదిలిన పది శాతం 60,000 కాదు, 1,30,000 అవుతుంది.

కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

యూఏఎన్ నంబర్, దాని పాస్‌వర్డ్. ఆధార్‌కి లింకైన మొబైల్, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చివర్లో ఆధార్ ఓటీపీ ఆ నంబర్‌కే వస్తుంది. కోనసీమ వైపు గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళలో చాలామందికి ఆధార్‌లో ఉన్న నంబర్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్ళి నంబర్ మార్పించుకోండి. లేకపోతే అన్నీ నింపి చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు.

నామినీలు ఒక్కొక్కరి ఆధార్, పుట్టిన తేదీ, ఫోటో కావాలి. బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కూడా పక్కన పెట్టుకుంటే మంచిది. ఫోటో జేపీజీ అయి ఉండాలి, 100 కేబీ లోపు ఉండాలి, కొలత 3.5 సెంటీమీటర్లకి 4.5. వాట్సాప్‌లో వచ్చిన పెళ్ళి ఫోటోలో ముఖం కత్తిరించి పెడితే కుదరదు, ముఖం ఫోటోలో ఎక్కువ భాగం ఉండి చెవులు రెండూ కనిపించాలి. మీ ఫోటో కూడా ప్రొఫైల్‌లో ఉండాలి. అది లేకపోతే నామినేషన్ పేజీ అసలు తెరుచుకోదు, చాలామంది మొదట ఆగేది ఇక్కడే.

పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉంటుంది. పెళ్ళయ్యాక కొందరి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉండిపోతుంది, కొందరికి అత్తింటిది మారుతుంది. మా అక్క ఆధార్‌లో ఇప్పటికీ మా ఇంటిపేరే ఉంది, బావ మాత్రం తన ఇంటిపేరుతో టైప్ చేశాడు. ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, ఖాళీలతో సహా కొట్టండి. ఇంట్లో పిలిచే పేరు వద్దు.

నెట్ సెంటర్‌లో చేయించుకుంటే ఒక మాట. నాకు తెలిసిన ఒకాయన పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సెంటర్లోనే వదిలేసి వచ్చాడు. ఏమీ కాలేదు గానీ, వారం రోజులు టెన్షన్ పడ్డాడు. పాస్‌వర్డ్ మీరే కొట్టండి, అవతలివాళ్ళు ఓటీపీ అడిగితే అది దేనికో మెసేజ్ చదివాకే చెప్పండి, అయిపోయాక లాగౌట్ చేయించండి.

ఇక స్క్రీన్ మీద

ఫోన్ కన్నా కంప్యూటర్ మీద సులువు. ఫోన్ అయితే బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ అనే అమరిక పెట్టుకోండి. ఈ చిరునామా తెరవండి:

```
https://unifiedportal-mem.epfindia.gov.in/memberinterface/
```

గూగుల్‌లో వెతికితే ఇలాంటి పేర్లతో వేరే సైట్లు కూడా కనిపిస్తాయి. చివర `epfindia.gov.in` ఉందో లేదో చూసుకోండి. యూఏఎన్, పాస్‌వర్డ్, ఓటీపీతో లోపలికి వెళ్ళాక ముందు `View` లో `Profile` తెరిచి మీ ఫోటో ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే ఎక్కించండి. తర్వాత పైన ఉన్న `Manage` మీదకి వెళ్ళి `E-Nomination` నొక్కండి. ఇదివరకు ఒకసారి పెట్టి ఉంటే కొత్తది మొదలుపెట్టడానికి `Enter New Nomination` అని కనిపిస్తుంది. కొత్తది ఈ-సైన్ అయ్యాక పాతదాని స్థానంలోకి అదే వస్తుంది. పాతదాంట్లో ఒక్కరి వాటా మాత్రం దిద్దడం కాదు, నామినీలందరినీ మళ్ళీ పూర్తిగా నింపినట్టే అనుకోండి.

మొదట మీ చిరునామా అడుగుతుంది, నింపి సేవ్ చేయండి. తర్వాత కుటుంబం ఉందా అని అడుగుతుంది. ఇక్కడ పెళ్ళి కానివాళ్ళు తొందరపడి లేదని నొక్కుతారు. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటే మీకు కుటుంబం ఉన్నట్టే, కాబట్టి ఉంది అనే నొక్కాలి. అప్పుడు `Add Family Details` అనే భాగం తెరుచుకుంటుంది. ఒక్కొక్కరి ఆధార్ నంబరు, పేరు, పుట్టిన తేదీ, బంధుత్వం నింపి ఫోటో ఎక్కించాలి. ఇంకొకరిని చేర్చాలంటే `Add Row` నొక్కండి. ఇక్కడ కుటుంబ సభ్యులందరినీ రాయండి, నామినీగా పెట్టని వాళ్ళని కూడా. పెన్షన్ లెక్కకి భార్య, పిల్లల వివరాలు ఇక్కడి నుంచే తీసుకుంటారు. అయ్యాక `Save Family Details`.

నామినీల్లో మైనర్ ఉంటే గార్డియన్ వివరాలు అడుగుతుంది. స్కీమ్ ప్రకారం కుటుంబంలోని మేజర్ ఒకరిని గార్డియన్‌గా పెట్టాలి. మా బావ ఇక్కడ కూడా తమ్ముడి పేరు పెట్టబోయాడు. కుటుంబంలో మేజర్లు ఎవరూ లేనప్పుడే బయటివాళ్ళని పెట్టే వీలుంది. అక్క ఉంది కాబట్టి పాపకి గార్డియన్ అక్కే.

తర్వాత వాటాల భాగం. కుటుంబ సభ్యుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. నామినీగా పెట్టాలనుకున్న వాళ్ళ పక్కన టిక్ పెట్టి, వాటా గడిలో శాతం కొట్టాలి. ఒక్కరే నామినీ అయినా 100 కొట్టాలి, ఖాళీగా వదిలేస్తే వందలా తీసుకోదు. కిందికి వెళ్ళే ముందు అంకెలు ఒకసారి కూడి చూసుకోండి. 50, 25, 25 కలిపితే 100. మొత్తం వందకి తక్కువైనా ఎక్కువైనా ముందుకి పోనివ్వదు. `Save EPF Nomination` నొక్కండి. బావ చివరికి పెట్టిన వాటాలు ఇవే: అక్కకి 50, వాళ్ళమ్మకి 25, పాపకి 25.

ఆ తర్వాత `EPS Nomination` అనే భాగం వస్తుంది, అది పెన్షన్‌ది. ఇందులో శాతాలు ఉండవు, చాలామంది ఇక్కడ అయోమయపడతారు. పెన్షన్ ఎవరికి ఎంతన్నది మీ చేతిలో లేదు, చట్టమే తేల్చేసింది. ముందు భార్య లేదా భర్త, ఆపైన 25 ఏళ్ళ లోపు పిల్లల్లో ఒకేసారి ఇద్దరి దాకా. భార్యా పిల్లలు ఉన్నవాళ్ళు తల్లికి పెన్షన్‌లో వాటా పెట్టాలనుకున్నా కుదరదు. తల్లికి ఏదైనా ఇవ్వాలనుంటే పైన పీఎఫ్ వాటాల్లోనే ఇవ్వాలి. బావ తల్లి వాటాని 20 నుంచి 25 చేసింది ఈ సంగతి చెప్పాకే.

చివరిది ఈ-సైన్. నింపినదంతా సేవ్ అయింది కదా అని ఇక్కడ ఆగిపోయే వాళ్ళే ఎక్కువ. సేవ్ అయితే అది పెండింగ్‌లో ఉన్న చిత్తు ప్రతి మాత్రమే, నామినేషన్ కాదు. `e-Sign` నొక్కి, ఆధార్ నంబరు లేదా వర్చువల్ ఐడీ కొట్టి, ఆధార్ మొబైల్‌కి వచ్చిన ఓటీపీ ఇవ్వాలి. అది అయ్యాకే నామినేషన్ నమోదవుతుంది. కంపెనీ సంతకం, స్టాంపు అక్కర్లేదు, రాజమండ్రి పీఎఫ్ ఆఫీసుకి కాగితాలు పంపాల్సిన పనీ లేదు. అయిందా లేదా తెలుసుకోవడానికి మళ్ళీ అదే పేజీలో `Nomination History` చూడండి. అక్కడ తేదీతో కనిపించి, పీడీఎఫ్ దిగితే అయినట్టు. పెండింగ్ భాగంలోనే ఉంటే ఈ-సైన్ కాలేదన్నమాట.

పీడీఎఫ్ తెరిచి పేర్లు, పుట్టిన తేదీలు, వాటాలు నిదానంగా చదవండి. తప్పుంటే మళ్ళీ కొత్త నామినేషన్ పెట్టుకోవచ్చు, దానికి ఇన్నిసార్లే అన్న లెక్క లేదు.

కొన్ని పెద్ద కంపెనీలు పీఎఫ్‌ని సొంత ట్రస్టు ద్వారా నడుపుతాయి. మీది అలాంటిదైతే ఆ ట్రస్టు దగ్గర నామినేషన్ ఎలా ఇవ్వాలో హెచ్ఆర్‌ని అడగండి.

వంద పెట్టినా తగ్గిపోయే సందర్భం

ఒకసారి వంద పెట్టేశాక ఇక చూడక్కర్లేదని అనుకోకండి. నామినీల్లో ఒకరు మీకన్నా ముందు చనిపోతే, వాళ్ళ వాటాకి నామినేషన్ లేనట్టే. 50, 25, 25లో రేపు బావ వాళ్ళమ్మ కాలం చేస్తే ఆ 25 శాతం అక్కకి, పాపకి వాటాల ప్రకారం దానంతటదే చేరదు. వదిలేసిన భాగంలాగే మళ్ళీ 70వ పేరాకి వెళ్ళి, సమానంగా పంచుతారు. ఈ ఇంట్లో అయితే చెరో పన్నెండున్నర శాతం, పెద్ద తేడా లేదు. మండపేట ఆయన ఇంట్లో తల్లికి 40 శాతం ఉంది కాబట్టి ఆ తల్లి పోతే తేడా చాలా పెద్దది, కొడుకు మళ్ళీ బయటే ఉండిపోతాడు. అందుకని ఇంట్లో చావు, పుట్టుక, పెళ్ళి జరిగితే ఆ నెలలోనే `Enter New Nomination` నొక్కి వంద మళ్ళీ సర్దుకోండి. పాపకి పద్దెనిమిది నిండితే గార్డియన్ పేరు తీసేయడానికి కూడా కొత్తదే పెట్టాలి.

తమ్ముడి సంగతి

బావకి తమ్ముడి మీద బెంగ పోలేదు. పీఎఫ్‌లో దారి లేదు గానీ, అతనికి ఇంకో జీవిత బీమా పాలసీ ఉంది. దాని కథ వేరు. పాలసీల నామినేషన్ 1938 బీమా చట్టం 39వ సెక్షన్ కింద నడుస్తుంది. అక్కడ కుటుంబమే ఉండాలన్న నియమం లేదు, తమ్ముడిని కూడా నామినీగా పెట్టవచ్చు. ఇద్దరు ముగ్గురిని పెడితే ఇక్కడా వాటాలు కలిపి వంద చేయాలి. ఒక నామినీ ముందే చనిపోతే మాత్రం ఇక్కడ లెక్క పీఎఫ్‌కి ఎదురు: పాలసీ డబ్బు బతికి ఉన్న నామినీలకి వెళ్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, అది బావకి దాచకుండా చెప్పాను. 2015లో ఆ సెక్షన్ మార్చాక తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు మీద వాళ్ళకే హక్కు. తమ్ముడు ఆ జాబితాలో లేడు. కాబట్టి తమ్ముడు నామినీ అయితే కంపెనీ చెక్కు అతని చేతికే ఇస్తుంది, కానీ అక్కా పాపా వారసులుగా అడిగితే వాళ్ళకి ఇవ్వాల్సిందే. డబ్బు అతనిదే కావాలంటే వీలునామాలో కూడా రాయాలి.

బావ కాసేపు ఆలోచించాడు. "అయితే పాలసీలో వాడికి ముప్ఫై పెట్టి, వీలునామా ఒకటి రాస్తాను. మీ అక్క ముందే రాస్తాను" అన్నాడు. అక్క వంటింట్లోంచి "పెట్టండి, నాకేం అభ్యంతరం?" అంది.

పీఎఫ్ పీడీఎఫ్ నెట్ సెంటర్‌లో రెండు కాపీలు తీయించాం. ఒకటి బీరువాలో పొలం పాస్‌బుక్కు పక్కన పెట్టాడు. రెండోదాని వెనక యూఏఎన్ నంబరు రాసి అక్కకిచ్చాడు, పాస్‌వర్డ్ రాయలేదు. అవసరమైన రోజు నామినీ పాస్‌వర్డ్ లేకుండానే అదే సైట్లో క్లెయిమ్ పెట్టుకోవచ్చు. దానికి యూఏఎన్, నామినీ ఆధార్, ఆ ఆధార్‌కి లింకైన మొబైల్ తప్పకుండా ఉండాలి. అక్క ఆధార్‌కి ఉన్నది బావ పాత సిమ్ము నంబరు. ఆ సోమవారమే అక్కని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు.